మేనేజర్‌ను లీవ్ అడుగుతున్నారా? కారణం ఎంతవరకు చెప్పాలి.. ఎక్కడ ఆపాలి?

‘సర్.. రెండు రోజులు లీవ్ కావాలి.’ ఈ మెసేజ్ టైప్ చేయగానే వేళ్లు ఆగిపోతాయి. కారణం రాయాలా? రాస్తే ఎంత? పూర్తిగా చెబితే ఇంటి విషయం ఆఫీసంతా తిరుగుతుందని భయం. చెప్పకపోతే లీవ్ రాదేమోనని టెన్షన్. సైనిక్‌పురి లాంటి చోట ఇంటి దగ్గర్లోనే ఉద్యోగం చేసేవాళ్లకైతే ఇంకో ఇబ్బంది.. ఆఫీసులో చెప్పిన మాట సాయంత్రానికి కాలనీకి చేరిపోవచ్చు.

దీనికి సగం సమాధానం చట్టంలోనే ఉంది. షాపులు, ప్రైవేటు ఆఫీసుల్లో పనిచేసేవారికి 1988 నాటి తెలంగాణ షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం మూడు రకాల లీవులు ఇచ్చింది. ఒక్కోదానికి చెప్పాల్సిన కారణం ఒక్కోలా ఉంటుంది.

ఏ లీవుకు ఎంత చెప్పాలి?

మొదటిది ఎర్న్‌డ్ లీవ్. ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే, తర్వాతి ఏడాది జీతంతో కూడిన 15 రోజుల సెలవు వస్తుంది. ఇది పనిచేసి సంపాదించుకున్న సెలవు. చట్టం దీనికి కారణమేమీ షరతుగా పెట్టలేదు. ఇక్కడ మేనేజర్‌తో మాట్లాడుకోవాల్సింది తేదీల గురించే.

రెండోది క్యాజువల్ లీవ్. ఏడాదికి 12 రోజులు. దీనికి ‘సహేతుకమైన కారణం’ ఉండాలని చట్టం అంటోంది. అందుకే ఉత్త ‘పర్సనల్ వర్క్’ అని రాస్తే ఒక్కోసారి తిరిగి ప్రశ్న వస్తుంది. ‘అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లాలి’ అంటే చాలు. అమ్మకు ఏ టెస్టు, ఏ రిపోర్టు అన్నది అక్కర్లేదు.

మూడోది సిక్ లీవ్. ఇదీ ఏడాదికి 12 రోజులే. జబ్బు చేసినా, ప్రమాదం జరిగినా తీసుకోవచ్చు. మేనేజర్‌కు కావాల్సింది మీరు ఎన్ని రోజులు రాలేరన్నదే, జబ్బు పేరు కాదు. అయితే ఓ చిక్కుంది. డాక్టర్లు లీవు కోసం ఇచ్చే సర్టిఫికెట్ నమూనాలో జబ్బు రాసే ఖాళీ కూడా ఉంటుంది. కాబట్టి ఆ కాగితం ఫొటో తీసి టీమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. నేరుగా హెచ్‌ఆర్‌కు మెయిల్ చేయండి. హెచ్‌ఆర్ లేని చిన్న ఆఫీసైతే యజమానికి కవర్‌లో పెట్టి ఇవ్వండి.

మరీ దాచినా నష్టమే!

ఉదాహరణకు సైనిక్‌పురిలో ఓ ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూసే మహిళ అనుకుందాం. మూడో నెలలో గర్భస్రావం అయింది. ఎవరికీ చెప్పలేక ‘జ్వరం’ అని మెసేజ్ పెట్టి మూడు రోజులు లీవ్ తీసుకుంది. నాలుగో రోజు లేవలేని నీరసంతోనే ఆఫీసుకు వెళ్లింది.

ఆమె పోగొట్టుకున్నది చిన్నదేం కాదు. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ ప్రకారం, గర్భస్రావం అయితే ఆ మరుసటి రోజు నుంచి 6 వారాలు, అంటే 42 రోజులు జీతంతో సెలవు ఉంటుంది. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే షాపులకు, ఆఫీసులకు ఇది వర్తిస్తుంది. ఈఎస్ఐ ఉన్నవారికి ఆ డబ్బు ఈఎస్ఐ నుంచి వస్తుంది. కానీ రుజువు చూపించాలి. ‘జ్వరం’ అని రాస్తే ఆ హక్కు తెరుచుకోదు. ఇంకా విశ్రాంతి కావాలంటే 12 సిక్ లీవులు, ఆ తర్వాత ఎర్న్‌డ్ లీవులు ఖర్చవుతాయి. అవీ అయిపోతే జీతం కోతే.

మరి ఏం చేయాలి? రెండు మెసేజ్‌లు పంపాలి. మేనేజర్‌కు ఇలా: ‘మేడమ్, ఆరోగ్యం బాగాలేదు. డాక్టర్ విశ్రాంతి తీసుకోమన్నారు. ఇవాళ్టి నుంచి రాలేను. సర్టిఫికెట్ హెచ్‌ఆర్‌కు పంపుతున్నాను. ఈ నెల బిల్లుల ఫైల్ షేర్డ్ ఫోల్డర్‌లో ఉంది.’ హెచ్‌ఆర్‌కు మాత్రం విషయం, తేదీ, ఆస్పత్రి కాగితం, కావాల్సిన 6 వారాల సెలవు.. అన్నీ స్పష్టంగా రాయాలి. ‘దయచేసి ఈ వివరాలు గోప్యంగా ఉంచండి’ అని చివర్లో ఒక లైన్ చేర్చాలి. అసలు కారణం ఆ సెలవు మంజూరు చేసేవారికి చేరుతుంది. మిగతావాళ్లకు తేదీలు తెలిస్తే సరిపోతుంది.

అబద్ధం ఎందుకు వద్దంటే..

కారణం తక్కువ చెప్పడం వేరు, లేనిది చెప్పడం వేరు. ‘తాతయ్య పోయారు’ అని రాసి, సాయంత్రం పెళ్లి ఫొటో స్టేటస్‌లో పెడితే లీవు సంగతి పక్కకు పోతుంది. అబద్ధం మీదే నోటీసు రావచ్చు. రేపు నిజంగా కష్టం వచ్చి అడిగినా నమ్మరు.

ఒకవేళ మేనేజర్ ‘అసలేమైంది?’ అని గుచ్చి గుచ్చి అడిగితే? ‘కొంచెం వ్యక్తిగతం మేడమ్.. కావాల్సిన కాగితాలు హెచ్‌ఆర్‌కు ఇచ్చాను’ అనండి. అక్కడితో ఆపేయండి. సంజాయిషీ మొదలుపెడితే ఒక ప్రశ్న ఇంకో ప్రశ్నను లాక్కొస్తుంది.