క్యారెట్‌కు దక్కిన పేరు

క్యారెట్లు, ఆకుకూరలు బాగా తినేవాళ్లకు, రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువగా ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని 1980ల నాటికే ఎన్నో పరిశీలనలు చెప్పాయి. అలాగైతే ఆ బీటా కెరోటిన్‌నే మాత్రగా మింగితే సరిపోదా?

ఫిన్లాండ్‌లో అదే పరీక్షించారు. పొగతాగే 29,133 మంది మగవాళ్లను చీటీలు తీసినట్టు విడదీసి, కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, మిగతావాళ్లకు అది లేని మాత్రలు ఏళ్ల తరబడి ఇచ్చారు. 1994లో ఫలితం వెలువడింది. బీటా కెరోటిన్ మింగినవాళ్లలోనే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ!

మరి పాత లెక్కలు తప్పా? లెక్కలు కాదు, వాటికి చెప్పుకున్న అర్థంలోనే తిరకాసు. కూరలు బాగా తినేవాళ్లు సాధారణంగా పొగ తక్కువ తాగుతారు. పైగా పొగతాగేవాళ్ల రక్తంలో బీటా కెరోటిన్ తక్కువగానే ఉంటుంది. అంటే సిగరెట్ చేసిన పాపానికి, క్యారెట్‌కు పుణ్యం దక్కిందన్నమాట. చీటీలు తీసి విడదీస్తే ఇలాంటి తేడాలు రెండు గుంపుల్లోనూ దాదాపు సమానంగా సర్దుకుంటాయి.

పొగతాగేవాళ్లు బీటా కెరోటిన్ మాత్రల జోలికి పోకూడదు. క్యారెట్ వేపుడు మాత్రం నిక్షేపంగా తినొచ్చు.