అప్పు ఎందుకు ఇవ్వలేదు?

అమెరికాలో 1974 నాటి సమాన రుణావకాశాల చట్టం కింద, అప్పు నిరాకరించిన బ్యాంకు నిర్దిష్టమైన కారణాలు చెప్పాలి. 'మా స్కోరు సరిపోలేదు' అంటే చాలదు.

దరఖాస్తుదారు అప్పు ఎగ్గొడతాడా, లేదా? లాజిస్టిక్ రిగ్రెషన్ లెక్కను కాగితం మీద వేసి చూపొచ్చు. వాయిదా ఎప్పుడూ తప్పనివారిలో కట్టేవారు 19 మందికి ఎగ్గొట్టేవారు ఒకరు అనుకుందాం. తప్పిన ప్రతి వాయిదాకూ ఆ ఒకటి రెట్టింపవుతుందని మోడల్ తేల్చింది. రెండు తప్పితే 19కి 4, అంటే సుమారు 17 శాతం. బ్యాంకు హద్దు 15 శాతమైతే అప్పు రాదు. ఒక్కటే తప్పి ఉంటే 19కి 2, పది శాతం లోపే, అప్పు వచ్చేది. కారణం లెక్కలోనే ఉంది.

ర్యాండమ్ ఫారెస్ట్‌లో 500 నిర్ణయ వృక్షాలు వేర్వేరు ప్రశ్నలడిగి ఓటేస్తాయి. ఏ ప్రశ్న ఈ మనిషిని ముంచిందో షాప్లీ విలువలతో అంచనా కట్టొచ్చు. కానీ జీతం, క్రెడిట్ కార్డు పరిమితి లాంటివి కలిసే పెరుగుతాయి. వాటిలో దేని వంతు ఎంతన్నది లెక్కించే పద్ధతిని బట్టి మారిపోతుంది. తిరస్కరణ లేఖలో అలాంటి కారణం రాయడానికి నాకు చెయ్యాడదు.

అందుకే నేనైతే రెండింటినీ, శిక్షణలో వాడని పాత దరఖాస్తుల మీద పరీక్షిస్తాను. ఫారెస్ట్ బాగా ముందుంటే, జీతంలో వాయిదాల వాటా లాంటి కలయికనేదో అది పట్టుకుని ఉండొచ్చు. ఆ నిష్పత్తిని లాజిస్టిక్‌కు కొత్త అంశంగా చేర్చి మళ్లీ పోల్చి చూస్తాను.