2 శాతం తగ్గింపు కోసం అప్పు చేయవచ్చా?

సరుకు అరువిచ్చే టోకు వర్తకులు, గడువుకు ముందే సొమ్ము కట్టినవారికి బిల్లులో కొంత తగ్గిస్తారు. దీన్నే క్యాష్ డిస్కౌంట్ అంటారు. 10 రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు, లేదంటే 30 రోజుల్లో పూర్తి మొత్తం అన్నది బాగా తెలిసిన షరతు. చేతిలో డబ్బు లేనప్పుడు అప్పు తెచ్చి ముందే కట్టాలా, గడువు దాకా ఆగాలా అన్నది లెక్క వేస్తేగానీ తేలదు.

బట్టల దుకాణానికి లక్ష రూపాయల బిల్లు వచ్చిందనుకుందాం. 10వ రోజున కడితే రూ.98,000 సరిపోతుంది. ఆగితే 30వ రోజున లక్ష కట్టాలి. అంటే రూ.98,000ను మరో 20 రోజులు వాడుకున్నందుకు రూ.2,000 పోతుంది. ఏడాదికి లెక్కిస్తే ఇది 37 శాతం వడ్డీ. 2 శాతం చిన్నదిగా కనిపించడానికి కారణం, అది 20 రోజులకే పడే వడ్డీ కావడం.

బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ 12 శాతానికి దొరికితే, రూ.98,000 మీద 20 రోజుల వడ్డీ దాదాపు రూ.644. తగ్గింపులో అది పోగా రూ.1,356 మిగులుతుంది. బయట నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి తెచ్చినా రూ.1,307 పోయి దాదాపు రూ.700 మిగులుతుంది. 3 రూపాయల వడ్డీకైతే రూ.1,960 అవుతుంది కాబట్టి మిగిలేది రూ.40 మాత్రమే. 4 రూపాయల వడ్డీకి తెస్తే నష్టమే. కొత్త అప్పుకు బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు తీసుకుంటే దాన్నీ వడ్డీతో కలిపి చూడాలి.

30వ రోజు తర్వాత కూడా అప్పు తీరకపోతే, ఆ పైన పడే వడ్డీని డిస్కౌంటు ఖర్చులో రాయకూడదు. ఆ రోజున సరఫరాదారుకు డబ్బు ఎలాగూ కట్టాల్సిందే కదా. అయితే గడువు దాటినా ఏమీ అనకుండా 60వ రోజున తీసుకునే సరఫరాదారుల విషయంలో లెక్క మారిపోతుంది. అక్కడ రూ.2,000కు 20 రోజులు కాదు, 50 రోజుల వ్యవధి దొరుకుతుంది. ఏడాది రేటు 15 శాతానికి దిగుతుంది. ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీ రూ.1,611 కాబట్టి లాభం రూ.389కు తగ్గుతుంది. 2 రూపాయల వడ్డీ అప్పయితే రూ.3,267 కట్టాలి, అది నష్టం. అందుకే బిల్లు మీది గడువును కాక, డబ్బు నిజంగా ఏ రోజున కడుతున్నారో పాత ఖాతాలో చూసి లెక్క కట్టాలి.

తగ్గింపు తీసుకునేవారు 10వ రోజుకు ముందే కట్టడం వల్ల లాభం లేదు. 3వ రోజున కడితే అదే 2 శాతానికి 7 రోజుల వడ్డీ, అంటే దాదాపు రూ.225, అదనంగా పడుతుంది. 11వ రోజున కడితే తగ్గింపే పోతుంది. చెక్కు ఇచ్చిన రోజును లెక్కిస్తారా, సొమ్ము ఖాతాలో పడిన రోజునా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి.