గళ్ళ నుడికట్టులో కష్టం ఎక్కడుంటుంది?

సంపాదకులు గారికి,

వారం వారం వేయబోయే గళ్ళ నుడికట్టుకు తేలిక, మధ్యరకం, కఠినం అని మూడు స్థాయిలు పెడదామన్నారు. ఏది ఏ స్థాయిదో నేను ఎలా తేలుస్తానో పాఠకులకు కూడా అర్థమయ్యేలా రాసి పంపమన్నారు. తేలికదానికి వాడుక మాటలు, కఠినమైనదానికి నిఘంటువు మాటలు వేస్తే సరిపోతుంది కదా అని మీరన్న మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే చాలామంది అనుకునేది కూడా అదే. నా లెక్కలో నిఘంటువు తెరిస్తే తప్ప రాని మాటకు స్థాయి అంటూ ఉండదు. తెలిసినవాళ్ళకు అది రెండు క్షణాల పని. తెలియనివాళ్ళు తెల్లవార్లూ కూర్చున్నా రాదు. కూర్చుని ఆలోచించినకొద్దీ దగ్గరయ్యేదాన్నే కష్టమైన ఆధారం అనాలి. అలాంటి కష్టాన్ని ఇంట్లో రోజూ వాడే మాటతోనే పుట్టించవచ్చు.

‘కలవరం’ తీసుకుందాం. క, ల, వ, రం, మొత్తం నాలుగు గళ్ళు. దీనికి తేలిక ఆధారం ‘ఆందోళన (4)’. అర్థం సూటిగా ఉంది, మెలిక లేదు. మధ్యరకానికి ‘స్వప్నం, దేవుడిచ్చేది కలిస్తే ఆందోళన (4)’ అని ఇస్తాను. అర్థం అలాగే ఉంది, దానికి తోడు కల, వరం అనే రెండు ముక్కలు కూడా పైకి కనబడుతున్నాయి. కఠినానికి వచ్చేసరికి ‘నిద్రలో వచ్చేదీ తపస్సుకు వచ్చేదీ ఒకచోట చేరితే మిగిలేది మనసుకు నిలకడ లేకపోవడమే (4)’ అంటాను. ఇప్పుడు చదివేవాళ్ళకు ముందు ఒక బొమ్మ కళ్ళముందుకు వస్తుంది. నిద్ర, తపస్సు, మునులు, వాటి మీదికి మనసు పోతుంది. అందులో ఏ ముక్క అర్థానికి, ఏ ముక్క మాట కట్టడానికి అన్నది విడదీయడమే అక్కడ పని. మూడింటికీ జవాబు ఒక్కటే. మారింది ఆధారానికీ జవాబుకూ మధ్య నడవాల్సిన దూరం.

ఇక్కడే నేను ముఖ్యంగా చెప్పాలనుకున్న సంగతి ఉంది. పై మూడింటిలో పూరించేవాళ్ళను ఎక్కువ అనుమానంలో పడేసేది మొదటిదే. ఆందోళన అనగానే నాలుగు గళ్ళకు సరిపోయేవి కలవరం, అలజడి, వ్యాకులత, మూడూ గుర్తుకు వస్తాయి. ఏది రాయాలి? ఆధారం ఏమీ చెప్పదు. కఠినమైన ఆధారంలో ఆ బాధ లేదు. కల, వరం దొరికిన క్షణంలో జవాబు తనంతట తానే రూఢి అవుతుంది, ఇంకెవరి సాక్ష్యమూ అక్కర్లేదు. కనుక సూటి ఆధారం ఇచ్చినప్పుడు సాయం గళ్ళ నుంచి రావాలి. మెలిక ఆధారం ఇచ్చినప్పుడు గళ్ళ సాయం కాస్త తగ్గినా ఫరవాలేదు. నుడికట్టు స్థాయి తేల్చేటప్పుడు ఆధారాన్నీ గళ్ళనూ జంటగా చూస్తానే తప్ప విడివిడిగా చూడను.

గళ్ళ సాయం అంటే కూడళ్ళు. అడ్డం మాట, నిలువు మాట కలిసే గడిని నేను కూడలి అంటాను. అమెరికా పత్రికల నుడికట్టుల్లో మామూలుగా ప్రతి గడీ కూడలే. ఇంగ్లండు పద్ధతిలో సుమారు సగం గళ్ళు మాత్రమే కూడళ్ళు. తెలుగులో మనం కూడా సగంతో నెట్టుకురాగలం. మన గడిలో కూర్చునేది అచ్చు, హల్లు కలిసిన నిండు అక్షరం కావడమే అందుకు కారణం. వాళ్ళకు కూడలి నుంచి కె అనే అక్షరం మాత్రమే అందితే, మనకు క అనో కి అనో కూ అనో గుణింతంతో సహా అందుతుంది. తెలుగులో ఒక్క కూడలి ఇచ్చే సమాచారం ఎక్కువ.

కానీ ఎన్ని కూడళ్ళున్నాయన్న దానికంటే ఎక్కడున్నాయన్నదే గట్టి ప్రశ్న. ఆ నాలుగు గళ్ళకు రెండో గడిలో మాత్రమే కూడలి పెట్టాననుకోండి. నిలువు మాట నుంచి ‘ల’ వస్తుంది. వ్యాకులత ఎగిరిపోతుంది గానీ కలవరంలోనూ అలజడిలోనూ రెండో అక్షరం ‘ల’నే, కాబట్టి సందేహం తీరదు. అదే కూడలి మొదటి గడిలో ఉంటే ‘క’ రాగానే వ్యవహారం తేలిపోతుంది. ఇంకా స్పష్టంగా కనబడాలంటే ‘పాము (3)’ చూడండి. పన్నగం, ఉరగం, భుజంగం, మూడూ మూడేసి గళ్ళవే, మూడూ ‘గం’తోనే ముగుస్తాయి. కూడలి చివరి గడిలో ఉంటే అది ఉన్నా లేనట్టే. మొదటి గడికి జరిపితే అదే ఆధారం పిల్లలు కూడా పూరించగలిగినంత తేలికవుతుంది. ఆధారంలో ఒక్క అక్షరం మార్చకుండానే స్థాయి మారిపోయింది. మొదటి వారానికి నేను సిద్ధం చేస్తున్నదానిలో సూటి ఆధారం ఉన్న ప్రతి మాటకూ మొదటి గడి కూడలి అయ్యేలా చూస్తున్నాను.

ఆ నుడికట్టులో పై ఎడమ మూల ఎలా కట్టానో చెబుతాను. ఒకటి అడ్డం కలవరం. దాని ‘క’ నుంచి కిందికి ‘కలప’, ‘వ’ నుంచి కిందికి ‘వడగళ్ళు’. ‘ల’, ‘రం’ కూడళ్ళు కావు. తేలిక స్థాయిలో కలపకు ‘వడ్రంగికి కావలసిన ముడిసరుకు (3)’, వడగళ్ళకు ‘వానతో పాటు పడే మంచు రాళ్ళు (4)’ అని ఇస్తాను. ఈ రెండూ ఎవరి సాయమూ లేకుండా వచ్చేవి. అవి రాగానే అడ్డంలో క, వ నిలబడతాయి, అలజడికి చోటుండదు. తేలిక నుడికట్టుకు నేను పెట్టుకున్న నియమం ఇదే. ప్రతి మూలలోనూ ఒంటరిగా పూరించగలిగిన ఆధారం ఒక్కటైనా ఉండాలి. అది లేని మూల తలుపు లేని గది.

అదే మూలను అక్షరం కదపకుండా పై స్థాయికి ఎత్తవచ్చు. మధ్యరకంలో కలపకు ‘పలకను అటు నుంచి చదివితే కట్టె (3)’, వడగళ్ళకు ‘వడ పక్కన గళ్ళు పెడితే ఆకాశం నుంచి రాళ్ళు (4)’. కఠినంలో కలపకు ‘బడిపిల్లవాడి చేతిలోది తిరగబడి వడ్రంగి చేతికి వచ్చింది (3)’. ఇక్కడ పలక అన్న మాట కూడా పైకి కనబడదు. ముందు బడిపిల్లవాడి చేతిలో ఏముంటుందో ఊహించాలి, తర్వాత దాన్ని తిప్పాలి. రెండు అడుగులు. నా కొలత చాలా వరకు ఇదే: ఆధారం నుంచి జవాబుకు ఎన్ని అడుగులు? తేలికలో ఒకటి, మధ్యరకంలో రెండు, కానీ దారి కనబడుతూ ఉంటుంది. కఠినంలో రెండో మూడో, దారి దాచి ఉంటుంది.

దాచడానికి కూడా హద్దుంది. లండన్ అబ్జర్వర్ పత్రికకు జిమెనీజ్ అనే కలం పేరుతో దశాబ్దాల పాటు నుడికట్టులు కూర్చిన డి.ఎస్. మెక్‌నట్ 1966లో తన పుస్తకంలో ఈ హద్దును స్థిరపరిచాడు. ఆధారంలో జవాబుకు సరైన అర్థం ఉండాలి, మాటను కట్టే పద్ధతికి న్యాయమైన సూచన ఉండాలి, ఆ రెండూ తప్ప మరేదీ ఉండకూడదు. తెలుగులో కూడా నేను దీన్నే పాటిస్తాను. ‘తిరగబడి’ అంటే మాటను వెనక నుంచి చదవాలి, ‘చెల్లాచెదురై’ అంటే అక్షరాలు తారుమారు చేయాలి, ‘తోక తెగిన’ అంటే చివరి అక్షరం తీసేయాలి. ఏ సూచనా ఇవ్వకుండా మాటను తిప్పేసి దాన్ని కఠినం అని పిలవడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

మన లిపి వల్ల వచ్చే చిక్కొకటి ఉంది. ఒత్తులున్న అక్షరం కూడలిలో పడితే కూర్పరి చేతులు కట్టేసినట్టే. ‘స్వాతంత్ర్యం’ ఎవరికైనా తెలిసిన మాట. కానీ దాని చివరి గడి నుంచి కిందికి మాట కట్టాలంటే ‘త్ర్యం’తో మొదలయ్యేది కావాలి. నాకు దొరికేది త్ర్యంబకుడు, లేదా ఆ కుటుంబంలోని మాటే. ఒక వాడుక మాట పక్కనే శివుడి సంస్కృత నామం వచ్చి కూర్చుంది, తేలిక నుడికట్టు తేలిక కాకుండా పోయింది. అందుకని తేలికలో బరువైన సంయుక్తాక్షరాలను కూడలి కాని గళ్ళలోకి తోసేస్తాను. వడగళ్ళు అనే మాటలో ‘ళ్ళు’ కూడా అంతే. కొందరు ‘ళ్లు’ అని రాస్తారు. అది కూడలి కాకపోతే ఎవరు ఎలా రాసినా నష్టం లేదు. కలవరము, కలవరం మధ్య గడి లెక్కే మారుతుంది గనుక, మాటలన్నీ సున్నతోనే ముగుస్తాయని మొదటి వారమే ఒక వాక్యం అచ్చు వేయండి.

రెండు పేర్లు ఒకదానికొకటి కూడలి కావడాన్ని ఏ స్థాయిలోనూ ఒప్పుకోను. శత్రుఘ్నుడి భార్య శ్రుతకీర్తి ఒక పక్క, పాత సినిమా నటి పేరు మరో పక్క పెట్టి రెండూ ఒకే గడిలో కలిస్తే, రెండూ తెలియనివాళ్ళకు ఆ గడి ఊహకు అందదు. అమెరికాలో పెరిగిన తెలుగు పిల్లలకు మొదటిది తెలియకపోవచ్చు, వాళ్ళ తాతగారికి రెండోది కొట్టినపిండి కావచ్చు. పేరు ఉంటే ఉండనివ్వండి, దాన్ని కోసే మాటలన్నీ మామూలు మాటలై ఉండాలి.

ఇంత చేసినా నా అంచనాను నేను పూర్తిగా నమ్మను. జవాబులు తెలిసినవాడికి అంతా తేలికగానే కనబడుతుంది. అచ్చుకు ముందు ప్రతి నుడికట్టునూ నలుగురైదుగురికి ఇచ్చి పెన్సిలుతో కాకుండా పెన్నుతో పూరించమంటాను. ఎంతసేపు పట్టిందని అడగను, అది మనిషిని బట్టి మారుతుంది. ఏ ఆధారం తర్వాత ఏది పూరించారో పక్కన వరస అంకెలు వేయమంటాను. నేను తేలిక అనుకున్నది అందరికీ చివర్లో వచ్చిందంటే అది తేలిక కాదు. ఒకే గడిలో ఇద్దరు ముగ్గురు కొట్టేసి రాశారంటే అక్కడ రెండు జవాబులకు చోటుంది, ఆధారమో కూడలో మార్చాలి. ఒక మూల అందరికీ ఖాళీగా మిగిలితే ఆధారాల జోలికి వెళ్ళను. ఆ మూలకు మిగతా గళ్ళతో లంకె సరిపోలేదని అర్థం, గళ్ళే మళ్ళీ గీస్తాను.

న్యూయార్క్ టైమ్స్ దినపత్రిక కనుక సోమవారం తేలికతో మొదలుపెట్టి శనివారానికి కఠినం చేయగలుగుతుంది. మనది వారపత్రిక, ఆ నిచ్చెనను నెల మీద పరచాలి. మొదటి రెండు వారాలూ తేలిక, మూడో వారం మధ్యరకం, నాలుగో వారం కఠినం అని నా ప్రతిపాదన. ఐదో వారం వచ్చిన నెలలో మధ్యరకం మరొకటి. స్థాయి పేరు నుడికట్టు పైనే వేయండి, కింద చిన్న అక్షరాల్లో వద్దు. ఏ రకం ఆలోచనతో కూర్చోవాలో ముందే తెలియడం పూరించేవాళ్ళ హక్కు.

చివరగా ఒక విన్నపం. జవాబుల కోసం వచ్చే సంచికలో గళ్ళ బొమ్మ ఒక్కటే వేసి వదిలేయకండి. మధ్యరకం, కఠినం వారాల్లో కనీసం ఐదారు ఆధారాలకు ఏ ముక్క అర్థమో, ఏ ముక్క కట్టడమో విడదీసి నేను రాసిస్తాను, దానికి పావు పేజీ కేటాయించండి. మొదటి నాలుగు వారాల నుడికట్టులూ వాటి వివరణలతో సహా ఈ నెలాఖరుకు మీకు చేరతాయి.

నమస్కారాలతో,
మీ గళ్ళ కూర్పరి