పుట్టింటికి పంపే పదిహేను వేలు

నిశ్చితార్థమైన దగ్గర్నుంచి ముహూర్తం దాకా అబ్బాయీ అమ్మాయీ రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉంటారు. జీతం ఎంతో పెళ్లిచూపుల నాడే ఇద్దరికీ తెలుసు. ఆ జీతం ఏయే చేతుల్లోకి పోతుందో మాత్రం చాలా జంటలకు కాపురం పెట్టాకే తెలుస్తుంది. ఆ సంగతి ముందే తేల్చుకుందామని కాబోయే భర్తకు ఒక అమ్మాయి ఉత్తరం రాస్తే ఎలా ఉంటుందో చూద్దాం. మనుషులు ఊహించినవాళ్లే, లెక్క మాత్రం మన ఇళ్లలోదే.

అమ్మాయిది తెనాలి, ఉద్యోగం హైదరాబాద్‌లో. చేతికొచ్చేది 58 వేలు. ఉత్తరంలో మొదట తన లెక్కే చెప్పింది: “చదువు లోను ఈఎంఐ 11 వేలు, ఇంకా రెండేళ్లుంది. నాన్నకు పెన్షన్ లేదు. ఇంటికి నెలకు 15 వేలు పంపుతాను. పెళ్లయ్యాకా పంపుతాను. ఇది మీకు ఇప్పుడే తెలియాలి.”

అడిగే ముందు తన సంగతి చెప్పడం మంచి పని. అవతలివాళ్లకు ఆరా తీస్తున్నట్టు అనిపించదు.

అబ్బాయికి 75 వేలు వస్తాయి. ఫ్లాట్ అతని పేరున రిజిస్టరైంది, ఈఎంఐ 34 వేలు. ఇల్లు చేతికొచ్చేదాకా అద్దె 16 వేలు, ఇంటి ఖర్చు 20 వేలు. “అన్నీ సగం సగం వేసుకుందాం” అన్నాడు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ మొత్తం 70 వేలలో సగం, అంటే 35 వేలు, ఆమె ఇస్తే మిగిలేది 23 వేలు. అందులో చదువు లోను పోతే 12 వేలు. తెనాలికి పంపాల్సిన 15 వేలే అందులో లేవు. పంపొద్దని ఎవరూ అనలేదు, అయినా మూడు వేలు తగ్గిపోయాయి. ఆమె బస్సు ఖర్చు ఇంకా లెక్కలోకే రాలేదు. చాలా ఇళ్లలో కూతురు పంపే డబ్బు ఇలాగే ఆగిపోతుంది. ఆ తర్వాత ఆమె చాటుగా పంపడం, అది బయటపడి గొడవ కావడం మామూలే.

పెళ్లైన కూతురికి పుట్టింటి బాధ్యత ఏమిటని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రుల భారం, స్తోమత ఉంటే పెళ్లైన కూతురి మీదా ఉంటుందని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. 2007లో వచ్చిన వృద్ధుల పోషణ చట్టం కూడా సంతానమంటే కొడుకుతో పాటు కూతురినీ లెక్కలోకి తీసుకుంది. అందుకే ఆమె ఆ డబ్బు గురించి అనుమతి అడగలేదు, పంపుతానని చెప్పింది. అలా చెప్పడమే సరైనదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకో చిక్కు ఫ్లాట్‌ది. “నేను నెలకు 17 వేలు కడితే ఆ ఇంట్లో నాకేముంటుంది?” అని రాసింది. ఇది అత్యాశ కాదు. ఈఎంఐలో సగం కట్టినంత మాత్రాన దస్తావేజులో పేరు ఎక్కదు. దస్తావేజులో పేరు లేకపోతే హోమ్ లోను వడ్డీ మీద ఆదాయపు పన్ను మినహాయింపు కూడా ఆమెకు రాదు. తర్వాత పేరు చేర్చాలంటే మళ్లీ రిజిస్ట్రేషన్, స్టాంపు డ్యూటీ. ఇల్లు తాకట్టులో ఉంటుంది కాబట్టి బ్యాంకు కూడా ఒప్పుకోవాలి.

అందుకని ఆమె ఇంకో దారి చెప్పింది: “ఫ్లాట్ మీ పేరున ఉంది కాబట్టి ఈఎంఐ మీరే కట్టండి. అద్దె, ఇంటి ఖర్చు కలిపి 36 వేలలో 25 వేలు నేను పెడతాను.” అప్పుడు లోనూ పుట్టిల్లూ పోను ఆమెకు 7 వేలు మిగులుతాయి. అతనికి ఈఎంఐ, మిగతా 11 వేలు పోను 30 వేలుంటాయి. కరీంనగర్‌లో ఉన్న అత్తయ్యగారికీ మామయ్యగారికీ పంపేది అందులోంచి ఎంతో అతను చెప్పాలి. చదువు లోను తీరాక మళ్లీ కూర్చుని మాట్లాడుకోవాలి.

ఇలాంటి ఉత్తరానికి “అవన్నీ పెళ్లయ్యాక చూసుకుందాంలే” అని జవాబొస్తే అది ఒప్పుకోవడం కాదు. “మా అమ్మనడిగి చెప్తాను” అన్నా ఫర్వాలేదు, కాకపోతే అడిగి ఏం చెప్పాడో ముహూర్తానికి ముందే తెలియాలి. అంకె చెప్పి, అది తనకెందుకు కష్టమో చెప్పినవాడు, కాదన్నా సరే, మాట్లాడుతున్నట్టే లెక్క.

ఉద్యోగం గురించి ఒక్కటే అడిగింది. ప్రసూతి సెలవు చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో 26 వారాలు దొరుకుతుంది. “ఆ తర్వాత బిడ్డను చూసుకోవడానికి నేను ఏడాది ఉద్యోగం మానాల్సి వస్తే ఇల్లు మీ జీతం మీద నడవాలి. అప్పుడు తెనాలికి ఆ 15 వేలు మీరు పంపగలరా? మొత్తం కుదరకపోతే ఎంత కుదురుతుందో చెప్పండి. ఆ తేడా కోసం ఇప్పట్నుంచే నేను కొంత దాచుకుంటాను.”