కొట్టేసిన ధర చేసే పని

ఆదివారం పేపర్ విప్పగానే అందులోంచి జారిపడే రంగుల కరపత్రం ఒకటి తీసుకుందాం. గుంటూరులో ఓ ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్ దాన్ని వేయించిందనుకోండి. వీధి మలుపులో టిఫిన్ సెంటరూ కాదు, స్టార్ హోటలూ కాదు. నలుగురు వెళ్తే వెయ్యికీ పదిహేను వందలకీ మధ్య బిల్లయ్యే చోటు. కరపత్రం మధ్యలో ‘ఫ్యామిలీ కాంబో’ అని ఉంది. 1,467 అని రాసి దాని మీద ఎర్రగీత కొట్టారు. కింద నాలుగింతలు పెద్ద అక్షరాల్లో 999/- అని వేశారు. అందులో వచ్చేవి: చికెన్ బిర్యానీ ఫ్యామిలీ ప్యాక్, ఒక చికెన్ 65, ఒక వెజ్ మంచూరియా, నలుగురికి గులాబ్ జామూన్, పెద్ద కూల్‌డ్రింక్ బాటిల్. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘సోమవారం నుంచి గురువారం వరకు. పన్నులు అదనం’.

రెస్టారెంటు ఊహించినదే గానీ, ఇలాంటి కరపత్రం చూడని ఇల్లుండదు. ఇందులో మూడు అంకెల విద్యలున్నాయి: చివర తొమ్మిది, పక్కన కొట్టేసిన పాత ధర, అన్నీ కట్టగట్టి అమ్మడం. జనం నవ్వుకునేది మొదటిదాన్ని చూసి. అసలు డబ్బు కదిలేది మూడోదాని దగ్గర.

తొమ్మిది సంగతి ముందు తేల్చేద్దాం. మనం అంకెల్ని ఎడమ నుంచి చదువుతాం. 999 కనబడగానే మనసులో ‘తొమ్మిది వందల చిల్లర’ అని పడుతుంది. వెయ్యికి ఒక్క రూపాయే తక్కువని తెలిసినా, ఆ మొదటి ముద్ర అంత త్వరగా చెరగదు. తొమ్మిదికి ఇంకో గుణం కూడా ఉంది. అమెరికాలో ఎరిక్ ఆండర్సన్, డంకన్ సిమెస్టర్ అనే పరిశోధకులు ఆడవాళ్ల దుస్తులమ్మే ఒక కేటలాగ్ కంపెనీతో కలిసి ప్రయోగం చేసి, 2003లో ఫలితాలు ప్రచురించారు. ఒకే దుస్తుకి కొందరికి పంపిన కేటలాగ్‌లో 34 డాలర్లు, కొందరికి 39, కొందరికి 44 అని వేశారు. ఎక్కువ అమ్ముడైంది 39కి. అయిదు డాలర్లు తక్కువైన 34ని కూడా అది దాటేసింది! రెండింటికీ ముందున్నది మూడే కాబట్టి, ఇది ఎడమ అంకె మహిమ ఒక్కటే కాదు. చివర తొమ్మిది ఉంటే ‘ఇదేదో తగ్గింపు ధర’ అన్న సంకేతం వెళ్తోందన్నమాట. అదే పరిశోధనలో తేలిన ఇంకో విషయం ప్రకటనలు రాసేవాళ్లు పెద్దగా పట్టించుకోరు. పక్కన ‘సేల్’ అని ముందే రాసి ఉంటే తొమ్మిది బలం తగ్గుతుంది. చెప్పాల్సిన మాట అప్పటికే చెప్పేశారు కదా. మన కరపత్రంలో ఎర్రగీత ఉంది కాబట్టి, 999లోని చివరి తొమ్మిది కొత్తగా సాధించేది కొంచెమే. అక్కడ అసలు పని నాలుగంకెల ధరని మూడంకెల్లోకి దించడం.

మధ్యతరహా రెస్టారెంటుకి తొమ్మిదితో ఓ చిక్కు కూడా ఉంది. తొమ్మిదులు మరీ ఎక్కువైతే ఫాస్ట్‌ఫుడ్ బండి వాసన వస్తుంది. ఖరీదైన హోటళ్ల మెనూల్లో ధరలు ఎక్కువగా సున్నాలతో ముగుస్తాయి. అందుకే కాస్త తెలివైన యజమాని రెండు ముఖాలు పెట్టుకుంటాడు. వీధిలో పంచే కరపత్రం మీద 999/-, లోపల టేబుల్ మీద పెట్టే మెనూలో రూపాయి గుర్తు కూడా లేకుండా ఉత్త అంకె. ఆ గుర్తు తీసేయడానికీ ఒక ఆధారం ఉంది. అమెరికాలోని ఒక పాకశాస్త్ర కళాశాల రెస్టారెంటులో మధ్యాహ్న భోజనానికి వచ్చినవాళ్ల మీద కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన పరిశీలన 2009లో వెలువడింది. డాలర్ గుర్తున్న మెనూ, ధరని మాటల్లో రాసిన మెనూ అందుకున్నవాళ్ల కంటే, ఉత్త అంకె ఉన్న మెనూ అందుకున్నవాళ్లు ఎక్కువ ఖర్చుపెట్టారు. ఒక్క చోట, ఒక్క పూట భోజనంలో తేలిన సంగతి కాబట్టి దాన్ని అన్ని ఊళ్లకీ అంటగట్టలేం. అయినా ప్రపంచమంతటా మెనూ డిజైనర్లు దాన్ని వేదవాక్కు చేసుకున్నారు.

ఇక ఎర్రగీత. ధరల మనస్తత్వం చదివినవాళ్లు దీన్ని యాంకరింగ్ అంటారు. ముందు ఏ అంకె కంటబడితే, తర్వాత వచ్చే అంకెల్ని దానితో కొలుస్తాం. ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1974లో ప్రచురించిన ప్రయోగం ఇందులో ప్రసిద్ధం. తిరిగే చక్రం ఒకటి పెట్టారు. అది 10 దగ్గరో 65 దగ్గరో మాత్రమే ఆగేట్టు ముందే సిద్ధం చేశారు. తర్వాత ఐక్యరాజ్యసమితి సభ్యదేశాల్లో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమో చెప్పమన్నారు. 10 చూసినవాళ్ల జవాబులు 25 చుట్టూ, 65 చూసినవాళ్లవి 45 చుట్టూ తేలాయి. చక్రానికీ ఆఫ్రికాకీ సంబంధం లేదని ఎవరికి తెలియదు? అయినా లాగింది. అలాంటిది 1,467 అనే అంకె కాంబోకి సంబంధించినదే, పైగా చూడ్డానికి నిజంగా కూడి రాసినట్టుంది. 1,500 అని వేస్తే ‘ఏదో నోటికొచ్చింది వేశారు’ అనిపించేది.

ఈ 1,467 నిజమేనా? అక్కడి మెనూలో విడివిడిగా చూద్దాం. బిర్యానీ ఫ్యామిలీ ప్యాక్ 649, చికెన్ 65కి 289, మంచూరియా 229, నాలుగు జామూన్ ప్లేట్లు 200, కూల్‌డ్రింక్ 100. కూడితే సరిగ్గా 1,467. అబద్ధం లేదు. ఈ కూడిక కుదరని చోట్లు చాలా ఉంటాయి. సాధారణంగా దొరికేది ఎక్కడంటే, ఫుడ్ డెలివరీ యాప్‌లో పెట్టిన ఎక్కువ ధరల్ని కూడి రెస్టారెంటు కరపత్రంలో కొట్టేసిన ధరగా చూపించినప్పుడు. లేదా మెనూలో ఫుల్ ప్లేటు ధర లెక్కేసి, కాంబోలో హాఫ్ ప్లేటు వడ్డించినప్పుడు. లేని ధరని ఉన్నట్టు చూపితే అది 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి రావచ్చు. అలాంటి ప్రకటనకి కేంద్ర ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయగలదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

మన యజమాని నిజాయితీపరుడే అనుకుని ముందుకి పోదాం. 468 రూపాయలు ఆదా అని కరపత్రం చెబుతోంది. ఎవరికి ఆదా? ఇక్కడ మూడు కుటుంబాల్ని వేర్వేరుగా చూడాలి. మొదటిది, కాంబో లేకపోతే బిర్యానీ ప్యాక్ ఒక్కటి తిని లేచే కుటుంబం. వాళ్ల బిల్లు 649 అయ్యేది, ఇప్పుడు 350 ఎక్కువ కడుతున్నారు. రెండోది బిర్యానీతోపాటు చికెన్ 65 చెప్పే కుటుంబం. వాళ్లకి 938 అయ్యేది, ఇప్పుడు 61 ఎక్కువ. మూడోది అన్నీ చెప్పే కుటుంబం. వాళ్లకి నిజంగానే 468 మిగిలింది. రెండో కుటుంబానికి 61కే మంచూరియా, జామూన్లు, కూల్‌డ్రింక్ వచ్చాయి. అవి కావాలనుకున్నవాళ్లకి అది మంచి బేరమే. వద్దనుకున్నవాళ్లకి 61 అదనపు ఖర్చు. అందరికీ తోచే ఆదా మాత్రం ఒక్కటే, ఆ 468. కట్టలో పెట్టాక మంచూరియా ఖరీదెంత అని ఎవరూ అడగరు. విడి ధరలు కనబడకుండా పోవడమే కట్ట చేసే పని.

ఇప్పుడు కౌంటర్ వెనక్కి వెళ్దాం. సరుకుల ఖర్చు అంచనాగా వేసుకుందాం: చికెన్ 65కి 90, మంచూరియాకి 50, జామూన్లకి 40, కూల్‌డ్రింక్‌కి 70. అద్దె, జీతాలు ఎలాగూ ఉంటాయి కాబట్టి పక్కన పెడదాం. మొదటి కుటుంబం 350 ఎక్కువిచ్చింది, సరుకులు 250 పోయాయి, యజమానికి 100 లాభం. రెండో కుటుంబం 61 ఎక్కువిచ్చింది, సరుకులు 160 పోయాయి, 99 నష్టం. మూడో కుటుంబం దగ్గర ఏకంగా 468 పోయింది. అన్నీ తినే కుటుంబం ఒక్కటి వస్తే, బిర్యానీతో సరిపెట్టుకునే కుటుంబాలు దాదాపు అయిదు తెచ్చిన లాభం తుడిచిపెట్టుకుపోతుంది. కాంబో పెట్టి చేతులు కాల్చుకున్న హోటళ్లు సాధారణంగా ఈ లెక్క వేయనివే. టేబుళ్లు నిండాయి కదా అని మురిసిపోతారు, నెలాఖరున గల్లాపెట్టె వేరే కథ చెబుతుంది.

యజమానిని బయటపడేసేది నాలుగో కుటుంబం. కరపత్రం చూడకపోతే ఆ సాయంత్రం ఇంట్లోనే పప్పన్నం తినేవాళ్లు. వాళ్లు వస్తే బిర్యానీ సరుకులకి 300 వేసుకున్నా, 999లో 550 పోగా 449 చేతిలో పడుతుంది. ఖాళీగా ఉండే టేబుల్ మీద వచ్చిన డబ్బది. ‘సోమవారం నుంచి గురువారం వరకు’ అన్న చిన్న అక్షరాలు అందుకే. శని, ఆదివారాల్లో టేబుళ్లు ఎలాగూ నిండుతాయి. అప్పుడు కాంబో ఇస్తే అన్నీ తినే మూడో కుటుంబానికి ఊరికే 468 వదులుకున్నట్టే.

ధర 1,099 చేస్తే సరిపోదా? లెక్కలో సరిపోతుంది. మొదటి కుటుంబం మీద లాభం రెట్టింపై 200 అవుతుంది, రెండో కుటుంబం మీద నష్టం పోయి రూపాయి మిగులుతుంది. కానీ 1,099కి నాలుగంకెలు. వెయ్యి దాటిందన్న మాట కరపత్రం మీద కనబడుతుంది. అందుకే చాలామంది ధర కదపరు, కట్టలోపల కదుపుతారు. ముందు పెద్ద కూల్‌డ్రింక్ బాటిల్ చిన్నదవుతుంది. తర్వాత చికెన్ 65లో ముక్కలు తగ్గుతాయి. కరపత్రంలో ‘ఒక చికెన్ 65’ అనే ఉంటుంది, ఎన్ని గ్రాములో ఎన్ని ముక్కలో ఉండదు. ఏ కాంబోనైనా పరీక్షించాలంటే ముందు అడగాల్సింది అదే: విడిగా చెప్తే వచ్చే ప్లేటూ ఇదీ ఒకటేనా? ఆ తర్వాత, విడిగా అయితే మీరు చెప్పనివి కొట్టేసి, మిగిలినవి కూడి 999తో పోల్చుకోండి. ఈసారి గీత మీది.

బిల్లు వచ్చేసరికి తొమ్మిదులు ఎలాగూ చెదిరిపోతాయి. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. 999 మీద 49 రూపాయల 95 పైసలు, మొత్తం 1,049. సర్వీస్ ఛార్జీ అని ఇంకో వరస తనంతట తనే చేరితే తీసేయమని అడగొచ్చు. దాన్ని బలవంతంగా వసూలు చేయకూడదని 2022లో వచ్చిన మార్గదర్శకాలని ఢిల్లీ హైకోర్టు 2025లో సమర్థించింది. వెయ్యి లోపు అనుకుని వచ్చినవాళ్లు వెయ్యి దాటి కట్టి వెళ్తారు, పెద్దగా పేచీ ఉండదు. నిర్ణయం ఇంట్లోనే, కరపత్రం దగ్గరే అయిపోయింది కదా.

కాంబో ఏడాదంతా నడిస్తే చిక్కు యజమాని వైపు తిరుగుతుంది. 1,467కి ఎవరూ ఎప్పుడూ కొనడం లేదని ఊరంతటికీ తెలిసిపోతుంది. జనం మనసులో అసలు ధర 999గా స్థిరపడుతుంది. ఒకనాడు ఆఫర్ తీసేస్తే ‘ధర పెంచేశాడు’ అంటారు, ‘ఆఫర్ అయిపోయింది’ అనరు. అందుకే ఆ కాంబో అదే పేరుతో ఎక్కువకాలం బతకదు. పండగ దగ్గర పడగానే మంచూరియా బదులు క్రిస్పీ కార్న్, జామూన్ బదులు డబుల్‌కా మీఠా చేరి ‘సంక్రాంతి కాంబో’ అవుతుంది. కొట్టేయడానికి మెనూలోంచి కొత్త అంకె కూడి తెస్తారు, 1,583 లాంటిది.