అరవై నిమిషాల కాగితం

సాయంత్రం 5 నుంచి 6 దాకా చర్చాగోష్ఠి. విషయం, తెలుగు కథల ఇంగ్లిష్ అనువాదం. వేదిక మీద ఇద్దరు అనువాదకులు, ఒక ప్రచురణకర్త, ఒక కథకురాలు. సమన్వయకర్త మీరే అనుకోండి. చేతిలో ఉండాల్సింది ఒకే ఒక్క కాగితం.

దాని ఎడమ అంచున ‘4 నిమిషాలు’ అని కాకుండా గడియారం చూపే సమయం రాసుకోండి. వేదిక మీద కూర్చుని కూడికలు, తీసివేతలు చేయడం కష్టం. అరవై నిమిషాలూ మన చేతికి రావు కూడా. జ్యోతి ప్రజ్వలన, ఆహ్వానాలకు మొదట్లో 5 నిమిషాలు, శాలువాలు, జ్ఞాపికలకు చివర 3 తీసేయాలి. అప్పుడు లెక్క ఇలా వస్తుంది: 5:05కి పరిచయం, 5:08కి తలా ఒక ప్రశ్న, 5:24కి వాళ్లలో వాళ్ల చర్చ, 5:42కి సభికుల ప్రశ్నలు, 5:54కి ముగింపు మాటలు.

మొదటి ప్రశ్నకు ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. ‘మీ అనువాద అనుభవాలు చెప్పండి’ అన్నారో, వక్త చిన్ననాటి నుంచి మొదలుపెడతారు. ‘మీరు చేసిన కథల్లో ఏ మాట ఎంత ప్రయత్నించినా ఇంగ్లిష్‌లోకి రాలేదు?’ అంటే జవాబు దానంతటదే చిన్నదవుతుంది. వారం ముందు ఫోన్ చేసి ఈ మొదటి ప్రశ్న మాత్రం చెప్పేయండి. మిగతావి చెబితే, వాళ్లు కాగితాలు రాసుకొచ్చి చదువుతారు.

5:24 తర్వాతే అసలు పని. ఇక్కడ ఇద్దరి మధ్య పెట్టే ప్రశ్న కావాలి. ఉదాహరణకు ‘అత్త’. మేనత్త, మేనమామ భార్య, భర్త తల్లి, ముగ్గురినీ తెలుగులో అత్త అనే అంటాం. ఇంగ్లిష్‌లో మొదటి ఇద్దరూ ‘ఆంట్’, మూడో ఆవిడ ‘మదర్ ఇన్ లా’. మేనరికం కథలో మేనత్తే భర్త తల్లి అయితే? ‘అత్త అనే ఉంచేస్తాను’ అని అనువాదకులు అన్నారనుకోండి, వెంటనే ప్రచురణకర్త వైపు తిరిగి ‘మీరు ఒప్పుకుంటారా?’ అనండి. ఇలాంటివి నాలుగు చాలు. ఒక్కోదాని కింద ‘ఏ కథలో?’, ‘అప్పుడేం చేశారు?’ లాంటి చిన్న కొసరు ప్రశ్న ఉండాలి. నాలుగింటిలో వదిలేయగలిగిన రెండింటికి పెన్సిల్‌తో చుక్క పెట్టండి.

ఆగని వక్తను ఆపడానికి చీటీ కంటే పేరు బాగా పనిచేస్తుంది. ఊపిరి తీసుకునే చోట పేరు పెట్టి పిలిచి, ఆయన చివరి మాటనే అందుకుని పక్కవారికి ప్రశ్నగా వేయాలి. ఆ వాక్యం కూడా ముందే రాసిపెట్టుకోవచ్చు: ‘మీరన్న ఈ మాట మీదే వీరిని అడుగుతాను.’

సభికుల వంతు వచ్చినప్పుడు మైకు చేతికిచ్చేస్తే, ప్రశ్న ఉపన్యాసమవుతుంది. మైకు వాలంటీరు దగ్గరే ఉంచి, మూడేసి ప్రశ్నలు కలిపి తీసుకోండి.

సభ పావుగంట ఆలస్యమైతే? చాలామంది సభికుల ప్రశ్నలకు కోత పెడతారు. నేనైతే చుక్క పెట్టిన రెండు ప్రశ్నలూ కొట్టేసి, తలా నాలుగు నిమిషాలను మూడు చేస్తాను. అప్పటికి దాదాపు పదమూడు నిమిషాలు దొరుకుతాయి. మిగతా రెండూ పరిచయంలోంచి తీస్తాను. వక్తల బిరుదులు ఎలాగూ ఆహ్వాన పత్రికలో ఉంటాయి.